బయానా

జీపును వద్దనడానికి సమ్మయ్యకు ఒక్క సాకూ దొరకలేదు. నర్సంపేటలో రిటైరైన ఒక సారు ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టి ఉంది. వెంట వచ్చిన మెకానిక్, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, రంధ్రం మీద అరచేయి ఆనించి చూశాడు. పొగ తన్నలేదు. ఆపైన బండి కిందికి దూరి, ఛాసిస్‌ను పానాతో తట్టుకుంటూ పోయాడు. ఎక్కడా వెల్డింగు అతుకు లేదు. ఫోర్ వీల్ లివరు వేసి బోరు దగ్గరి బురదలోంచి ఒకసారి లాగించాడు.

"గట్టి బండి మామా. తుప్పు కూడా పైపైనే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

సారు 2,20,000 చెప్పాడు. బేరం 2,00,000కు తెగింది. సమ్మయ్య 5,000 బయానా ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి కొడుకు శ్రీకాంత్ వరంగల్ షోరూం నుంచి తెచ్చిన కాగితం మంచం మీద పరిచి ఉంది. కొత్త చిన్న ట్రాలీ బండి. ముందు లక్షన్నర కట్టాలి, తరువాత నెలనెలా 11,000.

"నెలనెలా అంటున్నారు," అన్నాడు సమ్మయ్య. "మిరప తోట నెలనెలా జీతం ఇస్తుందా? మనకు డబ్బు కనిపించేది ఏడాదికి ఒక్కసారి. జీపు అయితే ఒక్కసారి ఇచ్చేస్తాం, ఎవడూ తలుపు తట్టడు."

ఆ మాటకు లచ్చమ్మ దగ్గర వెంటనే జవాబు లేదు. చేటలో బియ్యం ఏరుతూ ఊరుకుంది. కానీ మొగుడి సంగతి ఆమెకు తెలుసు. సమ్మయ్య చిన్నతనంలో ఊళ్లోకి ఒక్క జీపే వచ్చేది, దొరది. అది వస్తుంటే అతని తండ్రి చెప్పులు చేతిలో పట్టుకుని బాట పక్కకు దిగి నిలబడేవాడు. దుమ్ము తగ్గాకే మళ్లీ నడక. ఈ కథ సమ్మయ్య ఆమెకు పెళ్లయిన కొత్తలో చెప్పాడు. తరువాత ఎన్నడూ ఎత్తలేదు.

"జీపులో మిర్చి బస్తాలు ఎన్ని పడతాయి?" అని అడిగింది చివరికి.

"ఏడెనిమిది. కుదించి కడితే పది."

"ట్రాలీలో?"

"పదిహేడు," అన్నాడు శ్రీకాంత్. "దగ్గర దగ్గర ఏడు క్వింటాళ్లు."

"వాగు దాటేటప్పుడు తెలుస్తుంది నీ ట్రాలీ సంగతి. నల్లరేగడిలో దిగబడితే ఎద్దులను కట్టి లాగాలి."

"వాగు పారేది శ్రావణ భాద్రపదాల్లో," అంది లచ్చమ్మ. "మనం కాయ ఏరేది సంక్రాంతి దాటాక. అప్పుడు వాగులో ఇసుక తప్ప ఏముంటుంది? వానల్లో మోసే నాలుగు యూరియా బస్తాలకు ఎడ్లబండి లేదా?"

సమ్మయ్య బీడీ వెలిగించాడు. "తండా నుంచి కూలీలను తేవాలి కదా. ట్రాలీలో మనుషులను ఎక్కించకూడదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాడు పైసా ఇవ్వడు."

"కూలీలు తమ ఆటోలో తామే వస్తున్నారు. ఆటో కిరాయితో కలిపే కదా కూలి మాట్లాడుకునేది?" చేట పక్కన పెట్టింది. "పోయినేడు ఏమైంది? కిరాయి బండివాడు ముగ్గురి సరుకు ఎక్కించుకుని, తీరిగ్గా పదకొండింటికి ఏనుమాముల మార్కెట్‌కు చేర్చాడు. అప్పటికే ఆ రోజు రేటు తేల్చే జెండా పాట అయిపోయింది. మన ఎర్రటి కాయను తాలు కాయలా చూసి, ఖరీదుదారు నోటికొచ్చిన రేటు చెప్పాడు. బస్తాలు వెనక్కి తెచ్చుకోలేక ఇచ్చేసి వచ్చావు. ఆ రాత్రి నువ్వు అన్నం తినలేదు."

బీడీ ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు.

"మరి నెలనెలా కిస్తు?"

"మన కాయ రెండు నెలలే. మిగతా రోజులు ఊళ్లో వాళ్ల పత్తి లేదా, మక్కలు లేవా? వీడు డిగ్రీ చదివి చెట్టు కింద ఫోను చూస్తూ కూర్చుంటున్నాడు. కారు లైసెన్సు ఉంది కదా, దీనికీ అదే సరిపోతుందట."

శ్రీకాంత్ తల వంచుకున్నాడు, కానీ కాదనలేదు.

మరునాడు సమ్మయ్య ఒక్కడే నర్సంపేట వెళ్లాడు. బయానా పోయినట్టే అనుకుని, సారు ముందు చేతులు కట్టుకుని విషయం చెప్పాడు. సారు కాసేపు ముఖం ముడుచుకున్నాడు. లోపలికి వెళ్లి 4,500 తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఐదు వందలు పట్టుకున్నాను. నీ కోసం ఇంకో బేరం వదులుకున్నాను, తెలుసా?"

"న్యాయమే సారూ."

సమ్మయ్య జీపు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీటు మీద పడ్డ వేపాకులు దులిపాడు.

"ఇంతకూ ఏ బండి కొంటున్నావు?"

చెప్పాడు.

"అట్లాగా! మా పొలంలో మక్కలు నలభై బస్తాలు ఉన్నాయి. వరంగల్ చేర్చడానికి ఏం తీసుకుంటావు?"

సమ్మయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బస్తాకు అరవై, సారూ. హమాలీ మీదే."

"ఆటోవాడు యాభైకే వస్తాడు పటేలా!"

"వస్తాడు," అన్నాడు సమ్మయ్య, జీపు తలుపు వేస్తూ. "పదకొండింటికి వస్తాడు."