పరాభవ ఉగాది శుభాకాంక్షలు (ఫార్వర్డ్ కాదు!)

అందరికీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. కలశం, మామిడి తోరణం ఉన్న ఆ బొమ్మ ఈసారి పంపడం లేదు. నిరుడు మన గ్రూపులో అది పదకొండుసార్లు వచ్చింది, అందులో రెండు నావే.

పేరు చూసి ఎవరూ టెన్షన్ పడకండి. పెదనాన్న 1966 ఆగస్టులో పుట్టింది కూడా పరాభవలోనే. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొచ్చిందంటే మనకు షష్టిపూర్తి భోజనం ఖాయం. పెద్దమ్మా, పూర్ణాలు మాత్రం క్యాటరింగ్ వాళ్లకి వదలొద్దు, మీ చేతివే కావాలి.

తెనాలి అత్తయ్యా, మోకాలి ఆపరేషన్ తర్వాత మీరు మెట్లెక్కిన వీడియో నాలుగుసార్లు చూశాను. చిన్నక్కా, బుజ్జిదానికి ఇది మొదటి ఉగాది కదా, పచ్చడి నాలిక్కి రాసినప్పుడు దాని మొహం ఫొటో తీసి పెట్టు. తమ్ముడూ, ఉద్యోగం సంగతి ఈరోజు నిన్నెవరూ అడగరు, అందరికీ చెప్పేశాను. డల్లాస్ బావగారూ, వేపపువ్వు దొరక్కపోతే నిరుడు వేసినట్టు కాకరకాయ ముక్కలు మాత్రం వెయ్యకండి.

సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ (బావగారికి పొద్దున్న ఎనిమిదిన్నర). తాతయ్య పంచాంగం చదువుతారు, దయచేసి మిక్సీలు ఆపండి.

మీ హైదరాబాద్ చిన్నోడు