ఆషాఢం నుంచి కనుమ దాకా మన స్వీటు షాపు ప్లాన్ (2026–27)

తణుకు, జూన్ 18, 2026

మరిదిగారికి, చెల్లెలికి,

నిన్న రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని మీ అన్నయ్యా నేనూ అనుకున్నదంతా రాస్తున్నాను. మీరిద్దరూ చదివి, నచ్చనిచోట పెన్నుతో కొట్టేయండి. ఆదివారం కూర్చుని ఖాయం చేద్దాం.

ముందు క్యాలెండరు సంగతి. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్లిళ్లు లేక సారె ఆర్డర్లు ఆగిపోయాయి. ఇప్పుడు నిజ జ్యేష్ఠంలో నాలుగు వారాలు కాస్త కదులుతాయి. జూలై మధ్య నుంచి ఆగస్టు 12 దాకా ఆషాఢం. అల్లుళ్లకు పంపే సారెలు రెండో మూడో వస్తాయి, అంతే. శ్రావణంలో తేరుకుంటాం, వినాయక చవితి సెప్టెంబరు 14న. ఆ తర్వాత మహాలయ పక్షం, అక్టోబరు 10 దాకా కౌంటరు దగ్గర ఈగలు తోలుకోవడమే. దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8.

నాకు టెన్షన్ పెడుతున్నది ఆ చివరి తేదీయే. పోయినేడు దీపావళి అక్టోబరు 20న అయిపోయింది, సంక్రాంతి సరుకుకి దాదాపు మూడు నెలలు టైము దొరికింది. ఈసారి తొమ్మిది వారాలే. దీపావళికి అప్పు మీద ఇచ్చిన సరుకు డబ్బు చేతికి రాకముందే సంక్రాంతి బెల్లం కొనాల్సి వస్తుంది. ఈ ప్లాన్ అంతా దాని చుట్టూనే.

ఇప్పుడు బ్యాంకులో 2,40,000 ఉంది. షాపు అద్దె 18,000, ఇద్దరు వంటమనుషులకు చెరో 15,000, కౌంటరు కుర్రాడికి 12,000, కరెంటు 6,000, చిల్లర ఖర్చు 5,000, రెండు ఇళ్లకి కలిపి మనం తీసుకునేది 35,000. నెల తిరిగేసరికి 1,06,000 కావాలి. ఆషాఢంలో 50,000, మహాలయంలో 25,000 తక్కువ పడుతుందని వేశాను. శ్రావణం మిగులు 60,000 వచ్చి కలిస్తే, దసరాకి ముందు చేతిలో ఉండేది 2,25,000. దసరా, దీపావళి సరుక్కి 1,90,000 పోతుంది. దీపావళి అమ్మకాల్లో ఆ పెట్టుబడీ లాభమూ కలిసి 3,30,000 తిరిగొస్తుందని అంచనా. అందులో 90,000 ఆఫీసులకు, స్కూళ్లకు ఇచ్చే స్వీటు బాక్సుల బాకీ.

సంక్రాంతికి మనం ముందే పెట్టాల్సింది ఇది: నూనె 40 టిన్నులు 92,000, నెయ్యి 60 కిలోలు 39,000, బెల్లం 500 కిలోలు 27,500, శనగపిండి 24,000, బియ్యం 20,000, సున్నుండలకి మినప్పప్పు 18,000, బాక్సులు, కవర్లు 25,000. కూలీ ఇంకో 1,12,000. మొత్తం 3,57,000 దాటుతోంది. మన చేతికి అంతా సరిగ్గా వస్తే 3,65,000. అంటే బాక్సుల బాకీ ఆగిందంటే ఆ రోజే నగలు తాకట్టుకి పోవాలి.

కాబట్టి ఈసారి బాక్సుల ఆర్డరు ఎవరిదైనా సగం అడ్వాన్సు ఇస్తేనే పుస్తకంలో రాయండి. మొహమాటపడొద్దు. పాత ఖాతాదారులే కదా అనిపిస్తే నా మీద తోసేయండి, "వదినగారు ఒప్పుకోరండీ" అనండి. మిగతా సగం నవంబరు 25కల్లా రావాలి.

చీటీ ఉంది కదా, పాడేద్దాం అని మీరన్నారు. దసరా ముందు అందరికీ డబ్బు కావాలి, పాట బాగా పైకి పోతుంది. డిసెంబరు మొదటి వారందాకా ఆగుదాం. బాకీలు వచ్చేస్తే అసలు ముట్టుకోవద్దు.

సరుకు కొనడం మీ పని కాబట్టి రెండు మాటలు. నూనె ఒకేసారి తేవద్దు. 2024లో సరిగ్గా పండగల ముందు, సెప్టెంబరు 14న దిగుమతి సుంకం పెంచారు, టిన్ను రేటు ఎలా లేచిందో గుర్తుందిగా. శ్రావణంలో పది టిన్నులు, దసరా ముందు మిగతావి. సంక్రాంతివి నవంబరు చివర సగం, డిసెంబరు మధ్యలో సగం. బెల్లం మాత్రం తొందరపడొద్దు. వానాకాలం నిల్వ ఉన్న బెల్లం చెమ్మ పట్టి పాకం సరిగ్గా రాదు. అనకాపల్లిలో కొత్త బెల్లం బాగా దిగాక, డిసెంబరు పదిహేను లోపల తీసుకోండి. ఆ తర్వాత ఊళ్లన్నీ ఒకేసారి కొంటాయి. ఏ లాటు నచ్చినా ముందు రెండు కిలోలు తెచ్చి, పాకం పట్టించి, నాలుగు అరిసెలు వేయించి చూశాకే మిగతాది. నవంబరులో తుఫాను గాని వస్తే బియ్యం, బెల్లం రెండూ ఎక్కుతాయి, ఆ ఖర్చుకి పైన లెక్కలో చోటు లేదని గుర్తుంచుకోండి.

బాక్సులు ఆషాఢంలోనే అచ్చు వేయిద్దాం, ప్రెస్సు వాళ్లూ ఖాళీగా ఉంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు సరిచూడండి. సంక్రాంతి శుభాకాంక్షలు అని వేయించకండి, మిగిలినవి పెళ్లిళ్లకి పనికిరావాలి.

ఇక మనుషులు. ఆషాఢంలో పని లేదని వంటమనుషుల్ని ఆపేద్దామన్న మాట వద్దు. దసరాకి వాళ్లు ఇంకో షాపులో ఉంటారు. వంతులవారీగా నాలుగేసి రోజులు సెలవిద్దాం, జీతం కోయకుండా. ఉన్నవాళ్లతో కారప్పొడులు, కందిపొడి చేయిద్దాం, పొయ్యిలు బాగు చేయిద్దాం.

సంక్రాంతికి పద్నాలుగు రోజులు పాకం పట్టేవాళ్లు ఇద్దరు, రోజుకి 1,200. వత్తడానికి, వేయించడానికి ఎనిమిది మంది ఆడవాళ్లు, రోజుకి 700. చిక్కేమిటంటే డిసెంబరు చివర నుంచి దాళ్వా నాట్లు. చేలో కూలి బాగుంటే మన పొయ్యి దగ్గరికి ఎవరొస్తారు? అందుకే చెల్లెలు దీపావళి మర్నాడే వాళ్ల ఊళ్లకి వెళ్లి మాట్లాడి, మనిషికి వెయ్యి అడ్వాన్సు ఇచ్చి రావాలి. రాత్రి ఇంటికి దింపడానికి ఆటో మనమే పెడదాం. పోయినసారి ముగ్గురు మానేసింది కూలి తక్కువై కాదు, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే దారి లేక.

వంట ఎప్పుడు ఆపాలో కూడా అనుకున్నాం. భోగి పొద్దున ఆపేస్తే మంచిదని మీ అన్నయ్య అంటారు. నేను ఒప్పుకోను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు మర్నాడు బయల్దేరతారు. వాళ్లు కనుమ సాయంత్రం వచ్చి కిలో, రెండు కిలోలు పట్టుకెళతారు. అరిసెలు కనుమ ముందురోజు దాకా, తక్కువ వాయిలు అయినా వేయిద్దాం. ఆ తర్వాత మిగిలినవి పట్టుకుని కూర్చోలేం కాబట్టి జంతికలు, సున్నుండలు ఎక్కువ ఉంచుదాం. పార్సిల్ పంపమని అడిగితే కాదనండి. మనం జీఎస్‌టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నాం, రాష్ట్రం దాటించి అమ్మకూడదు.

పండగ డబ్బు వచ్చాక ఇష్టం వచ్చినట్టు తీయొద్దు. మొదట జీఎస్‌టీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దానికి జనవరి 18 ఆఖరు తేదీ. తర్వాత వంటమనుషులకి చెరో నెల జీతం బోనస్. ఆ వెంటనే 1,80,000 వేరే బ్యాంకులో, ఫోన్‌పేకి తగిలించని ఖాతాలో వేసేద్దాం. అది వచ్చే ఆషాఢానిది, మన నలుగురూ ఒప్పుకుంటేనే తీయాలి. కొత్త గ్రైండరు మాట అవన్నీ అయ్యాకే.

ఆదివారానికి మీరు తేవాల్సినవి: ప్రెస్సులో వెయ్యి బాక్సుల కొటేషను, పోయిన దీపావళి బాక్సుల లిస్టులో ఎవరు ఎన్నాళ్లకి కట్టారో తేదీలతో. చెల్లెలు ఆ ఎనిమిది మంది ఫోన్ నంబర్లు సరిచూడమ్మా, ఇద్దరివి మారాయని విన్నాను.

మీ వదిన