మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం: విత్తే పద్ధతి, మందుల మోతాదు

రైతులకు నమస్కారం. సంచిలో ఉన్న ఇంగ్లిష్ కాగితానికి ఇది తెలుగు. హైదరాబాద్‌లోని మా ఆఫీసులో వ్యవసాయ సిబ్బందితో కూర్చుని తయారు చేశాం. ఇంగ్లిష్ కాగితంలో లెక్కలన్నీ హెక్టారుకు ఉన్నాయి. ఇక్కడ అన్నీ ఎకరానికి మార్చాం. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఆ కాగితంలోని అంకెను ఎకరానికి వాడితే మందు రెండున్నర రెట్లు పడుతుంది, పైరు మాడిపోతుంది. అందుకే మోతాదుకు ఈ కాగితాన్నే చూడండి. చదవడం రాని వాళ్లుంటే ఇంట్లో ఎవరితోనైనా పైకి చదివించుకుని వినండి.

సంచి విప్పే ముందు

ఈ విత్తనం ఎర్రగా కనిపించేది రంగు వల్ల మాత్రమే కాదు, దానికి పురుగు మందు పట్టించి ఉంది. సయాంట్రానిలిప్రోల్, థయామెథాక్సామ్ కలిసిన మందు అది. మొలక దశలో కత్తెర పురుగు నుంచి కాపాడుతుంది. కాబట్టి మళ్లీ విత్తనశుద్ధి చేయొద్దు. మిగిలిన గింజలను వండుకోవద్దు, పిండి పట్టించొద్దు, కోళ్లకు, పశువులకు వేయొద్దు. కడిగినా మందు పూర్తిగా పోదు. పిల్లలకు అందని చోట, తినే సరుకులకు దూరంగా సంచి పెట్టండి.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాకే గింజలు ముట్టుకోండి. కూలీలకు కూడా తొడుగులు మీరే ఇవ్వండి. వాళ్లు అడగకపోయినా ఇవ్వాలి. విత్తుతూ నీళ్లు తాగాలన్నా, బీడీ కాల్చాలన్నా ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గర్భిణులను, బాలింతలను, పిల్లలను ఈ పనికి పెట్టొద్దు.

విత్తడానికి వారం ముందు 100 గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి నీడలో ఉంచండి. పట్టా ఆరిపోకుండా చూడండి. 90 గింజలకు తగ్గకుండా మొలవాలి. తక్కువ మొలిస్తే విత్తొద్దు, సంచితో సహా డీలర్ దగ్గరికి రండి.

విత్తడం

వానాకాలం పంటకు జూన్ 15 నుంచి జూలై 15 వరకు మంచి అదను. తొలకరి జల్లు పడగానే తొందరపడొద్దు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. ఆ పదును లేకుండా వేస్తే గింజ ఉబ్బి, మొలవకుండానే చెడిపోతుంది.

ఎకరానికి 8 కిలోలు, అంటే నాలుగు కిలోల సంచులు రెండు. మీది ఎకరం లోపు చెక్క అయితే గుంటకు 200 గ్రాములు చొప్పున లెక్క వేసుకోండి.

సాలుకు సాలుకు మధ్య 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. సాలులో గింజకు గింజకు మధ్య 20 సెంటీమీటర్లు. చోటుకు ఒక్క గింజే. ఎక్కువ వేస్తే ఎక్కువ కంకులు వస్తాయని చాలామంది రెండేసి వేస్తారు. ఒత్తుగా పెరిగిన మొక్కలు సన్నబడి గాలికి పడిపోతాయి, కంకి చిన్నదవుతుంది. లోతు రెండు అంగుళాలు దాటకూడదు.

మొదటి నెలలో చేలో నీళ్లు నిలిస్తే మొక్క తట్టుకోలేదు. నల్లరేగడిలో బోదెలు చేసి, బోదె పక్కన విత్తండి. వాన నీరు బయటికి పోయే కాలువ ముందే తీసి ఉంచండి.

ఎరువులు, ఎకరానికి

ఆఖరి దుక్కిలో జింక్ సల్ఫేట్ 20 కిలోలు వేయండి. దీన్ని డీఏపీతో కలపొద్దు, కలిపితే జింక్ మొక్కకు అందదు.

విత్తేటప్పుడు డీఏపీ ఒక బస్తా (50 కిలోలు), పొటాష్ 33 కిలోలు, యూరియా 38 కిలోలు. ఎరువు గింజకు తగలకూడదు, పక్కగా పడాలి. 30 నుంచి 35 రోజులకు యూరియా 58 కిలోలు, 50 నుంచి 55 రోజులకు మరో 58 కిలోలు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే, బస్తాల లెక్కన వేసేవాళ్లు ఇది గమనించాలి. మట్టి పరీక్ష చేయించి ఉంటే ఆ కార్డులోని లెక్కనే పాటించండి.

కలుపు మందు

మొక్కజొన్నలో కంది, పెసర, సోయా వంటి అంతర పంట ఉంటే అట్రజిన్ కొట్టొద్దు. ఆ పంట చచ్చిపోతుంది.

మొక్కజొన్న ఒక్కటే ఉంటే, విత్తిన 48 గంటల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడు అట్రజిన్ 50 శాతం పొడి మందు కొట్టాలి. ఎర్ర చెల్క నేలల్లో ఎకరానికి 800 గ్రాములు, నల్లరేగడిలో 1200 గ్రాములు. నీళ్లు ఎకరానికి 200 లీటర్లు.

ట్యాంకు ట్యాంకుకు పొడి కొలవడంలోనే తేడాలు వస్తాయి. దానికి బదులు ఇలా చేయండి. ఎకరానికి సరిపడా మందును పెద్ద బకెట్‌లో పన్నెండున్నర లీటర్ల నీటితో కలపండి. 16 లీటర్ల ట్యాంకులో 15 లీటర్ల మంచినీళ్లు పోసి, బకెట్‌లోని మందు నీళ్లు ఒక లీటరు కలపండి. ఎకరానికి పన్నెండు ట్యాంకులు, ఇంకో అర ట్యాంకు అవుతాయి. పొడి అడుగుకు చేరుతుంది కాబట్టి లీటరు తీసే ప్రతిసారీ కర్రతో బాగా కలపాలి, చేత్తో కలపొద్దు. ఆ బకెట్‌ను, కొలత డబ్బాను మళ్లీ ఇంట్లో వాడొద్దు. వెనక్కి నడుస్తూ కొట్టండి, మందు పడిన నేలను తొక్కొద్దు.

కత్తెర పురుగు

ఈ పురుగు 2018లో మన దేశానికి వచ్చింది. పగలు సుడిలో దాక్కుని లేత ఆకులు తింటుంది. ఆకుల మీద వరుసగా చిల్లులు, సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే అది ఉన్నట్టే. మొలక వచ్చాక వారానికి రెండుసార్లు చేను నాలుగు మూలలా, నడుమా చూడండి. గుడ్ల ముద్దలు కనిపిస్తే చేత్తో నలిపేయండి, దానికి మందు అక్కర్లేదు.

పురుగు ఎక్కువైతే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం లీటరు నీటికి 0.4 మిల్లీలీటర్లు కలపాలి. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 6.4 మిల్లీలీటర్లు, 200 లీటర్లకు 80 మిల్లీలీటర్లు. సీసా మూతతో కొలవొద్దు, సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజితో కొలవండి. మందు సుడిలో పడేలా, ఉదయమో సాయంత్రమో కొట్టండి. మోతాదు పెంచితే పురుగు త్వరగా చావదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. షాపులో ఇంకో మందు కలిపి కొట్టమంటే కలపొద్దు. పచ్చి కంకులు అమ్మేవాళ్లు, చొప్ప పశువులకు వేసేవాళ్లు సీసా మీద రాసిన గడువు దాటాకే కోయాలి.

ఒంటి మీద జాగ్రత్త

నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు నోటికి మాస్కు వేసుకోండి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదొద్దు, నీళ్లతో కడగండి. పని అయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. పంపు కడిగిన నీళ్లు బావిలో, చెరువులో, కాలువలో పోయొద్దు.

తల తిరిగినా, వాంతి వచ్చినా, కళ్లు మసకబారినా, చెమటలు పట్టినా పని వెంటనే ఆపాలి. బట్టలు విప్పి ఒళ్లంతా సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. కడుపులోకి పోతే ఉప్పు నీళ్లు తాగించొద్దు, బలవంతంగా వాంతి చేయించొద్దు. మందు సీసా లేదా ప్యాకెట్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దాని మీదున్న పేరు చూస్తేనే ఆయనకు ఏ వైద్యం చేయాలో తెలుస్తుంది.

ఖాళీ సీసాలను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, సీసాకు రంధ్రాలు పొడవండి. నూనెకో, నీళ్లకో వాడొద్దు, కాల్చొద్దు.

సంచి, బిల్లు

విత్తన సంచి, దాని లేబుల్, డీలర్ బిల్లు, గుప్పెడు గింజలు పంట కోసే వరకు దాచండి. మొలక సరిగా రాకపోతే వాటితో మండల వ్యవసాయ అధికారిని కలవండి. అనుమానం ఏదైనా కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551లో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే అడగొచ్చు, ఫోన్ ఉచితం.