లైంగిక వేధింపుల నివారణ విధానం: తెలుగు ప్రతిపై సమీక్ష

మాధవి గారికి,

దుస్తుల పరిశ్రమ కోసం మీరు అనువదించిన లైంగిక వేధింపుల నివారణ విధానాన్ని రెండుసార్లు చదివాను. వేధింపు అంటే ఏమిటో వివరించే భాగంలో కార్మికులు వాడే మాటలనే ఎంచుకున్నారు. అక్కడ నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయితే కొన్ని తప్పులు పత్రం పొడవునా మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. కుట్టు విభాగంలో పనిచేసే మహిళ ఇంగ్లీషు ప్రతి తెరిచి చూడదు కాబట్టి, ఆమెకు తన హక్కు ఏమిటో చెప్పేది మీ వాక్యమే.

అన్నిటికంటే తీవ్రమైనది ఇంగ్లీషు ప్రతిలోని 'షల్', 'మే', 'నీడ్ నాట్'ల మధ్య, అంటే 'చేయాలి', 'చేయవచ్చు', 'చేయనక్కర్లేదు'ల మధ్య తేడా చెరిగిపోవడం. విచారణను 90 రోజుల్లో పూర్తి చేయాలని 2013 నాటి చట్టం చెబుతుంటే, మీ ప్రతిలో "పూర్తి చేయవచ్చు" అని ఉంది. రాజీ దగ్గర తప్పు ఇందుకు పూర్తిగా తలకిందులైంది: విచారణ మొదలుకాకముందు, ఫిర్యాదు చేసిన మహిళ కోరితేనే ఫిర్యాదును విచారించే కమిటీ రాజీకి ప్రయత్నించవచ్చు, మీరేమో "కమిటీ ముందుగా రాజీ కుదర్చాలి" అని రాశారు. ఆమె కోరాలన్న షరతుతో పాటు, డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదన్న వాక్యం కూడా జారిపోయింది. 11వ పేజీలో "ఫిర్యాదును రుజువు చేయలేకపోవడం ఫిర్యాదుదారుపై చర్యకు దారితీయవచ్చు" అన్న వాక్యం చదివి నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే దాన్ని చదివిన ఏ మహిళా ఫిర్యాదు చేయడానికి ముందుకు రాదు. దాన్ని ఇలా మార్చండి: "ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన, తగిన ఆధారాలు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోనక్కర్లేదు."

ఒకే వ్యక్తిని 4వ పేజీలో 'ప్రతివాది', 6వ పేజీలో 'నిందితుడు', 9వ పేజీలో 'దోషి' అన్నారు. విచారణ ముగియకముందే దోషి అనడం అతనికి అన్యాయం, కమిటీ నిష్పాక్షికతకూ మచ్చ. 'ప్రతివాది'కి కోర్టు వాసన ఉందన్న మీ సందేహం నాకూ ఉంది. అయినా "ఎవరిపై ఫిర్యాదు వచ్చిందో ఆ వ్యక్తి" అని మొదట్లోనే నిర్వచించి, ఆపైన ఆ ఒక్క మాటే వాడండి.

ఫిర్యాదుకు గడువు 3 నెలలు. దాన్ని 90 రోజులుగా మార్చకండి, రెండూ అన్నిసార్లూ ఒకటి కావు. ఘటనలు వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్కించాలన్న మాట కూడా చేర్చండి.

"నివేదిక సమర్పించబడును" వంటి వాక్యాలు పదిహేడు ఉన్నాయి. ఎవరు, ఎవరికి అన్నది వాటిలో లేదు. "విచారణ ముగిసిన 10 రోజుల్లోగా కమిటీ యజమానికి నివేదిక ఇవ్వాలి" అంటే సరిపోతుంది.

ముందుగా 11వ పేజీని, తర్వాత రాజీ భాగాన్ని సరిచేసి గురువారం సాయంత్రానికి పంపండి. మిగిలినవి సోమవారం కలిసి కూర్చుని చూద్దాం.

సరళ
సీనియర్ సమీక్షకురాలు