ముల్లు తీశావా?

మధ్యమ స్థాయి పాఠకులకు కథ: భూతకాలం

మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి “లేదు”తో ముగిసే క్రియల కింద గీత గీయండి. కథలో మలుపు వాటిలోనే ఉంది.

కథ

ఆదివారం పొద్దున రవి తాతయ్య సైకిలు మీద తెనాలి బయల్దేరాడు. కాలవ గట్టు మీద తుమ్మ కొమ్మలు ఎవరో కొట్టి పడేశారు. వాటిని దాటిన కాసేపటికి వెనక చక్రం బరువుగా తిరిగింది. రవి దిగి టైరు నొక్కి చూశాడు. గాలి లేదు.

సైకిలు నడిపించుకుంటూ ఇంటికి తిరిగొచ్చాడు. తాతయ్య ఎప్పుడూ ఇంట్లోనే పంక్చరు వేసేవారు. ఆ రోజు ఆయన పొలం వెళ్ళారు. రవి ఆయన కోసం ఆగలేదు.

రెండు చెంచా కాడలతో టైరు అంచు లేపి, ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి బకెట్టు నీళ్ళలో ముంచాడు. ఒకచోట సన్నగా బుడగలు వచ్చాయి. అక్కడ తుడిచి, పెన్నుతో గుర్తు పెట్టాడు. గాలి తీసేసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, వెంటనే ప్యాచీ అంటించాడు. మళ్ళీ గాలి కొట్టగానే ప్యాచీ అంచు లేచిపోయింది.

ఈసారి సొల్యూషను రాసి ఐదు నిమిషాలు ఆగాడు. వేలితో తాకి చూశాడు. వేలికి అంటలేదు. అప్పుడు ప్యాచీ పెట్టి గట్టిగా నొక్కాడు. నీళ్ళలో ముంచితే బుడగలు రాలేదు. టైరు ఎక్కించి, హుషారుగా బయల్దేరాడు. అర కిలోమీటరు కూడా వెళ్ళలేదు, గాలి మళ్ళీ దిగిపోయింది.

ఎదురుగా తాతయ్య వచ్చారు.

“ఏమైందిరా?”

“పంక్చరు వేశాను తాతయ్యా. నిలవలేదు.”

“ట్యూబు చూశావు సరే, టైరు లోపల చూశావా?”

“చూడలేదు.”

ఇంటికొచ్చాక తాతయ్య టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పారు. ఒకచోట గుడ్డ చిక్కుకుంది. పట్టకారుతో లాగితే గోరంత తుమ్మ ముల్లు బయటికొచ్చింది. ఆయన దాన్ని రవి అరచేతిలో పెట్టారు.

“రెండుసార్లు అంటించావు. ఒక్కసారైనా ముల్లు తీశావట్రా?”

క్రియల సంగతి

క్రియ చివర కర్తను బట్టి మారుతుంది: నేను వేశాను, నువ్వు చూశావు, రవి చూశాడు, తాతయ్య తిప్పారు, గుడ్డ చిక్కుకుంది, బుడగలు వచ్చాయి. తాతయ్య ఒక్కరే అయినా గౌరవం కోసం “-ఆరు” వాడాం.

ఎక్కువమంది తప్పు చేసేది వ్యతిరేకంలో. నేను చూడలేదు, రవి చూడలేదు, వాళ్ళు చూడలేదు: అందరికీ ఒకే రూపం. “చూశాను”కి “లేదు” తగిలించి “చూశాను లేదు” అనకూడదు. “లేదు” చేరేది “చూడ” అనే రూపానికి. అలాగే తీశాడు, తీయలేదు, వచ్చాయి, రాలేదు. “గాలి లేదు” వేరే సంగతి. అక్కడ “లేదు”కి ముందు ఉన్నది నామవాచకం.

“వేశారు” అంటే ఒకసారి జరిగిన పని, “వేసేవారు” అంటే అప్పట్లో అలవాటు. ఇక రుద్ది, రాసి, నొక్కి లాంటివి ఎన్ని వరసగా వచ్చినా వాటిలో కాలం ఉండదు. వాక్యం చివర ఉన్న క్రియే కాలం చెబుతుంది.

పదాలు

గట్టు: కాలవ పక్కన ఎత్తుగా ఉండే మట్టి దారి
తుమ్మ: పొడుగాటి ముళ్ళుండే చెట్టు
గరుకు: నున్నగా లేనిది
సొల్యూషను: ట్యూబుకు రాసే జిగురు
ప్యాచీ: చిల్లు మీద అంటించే రబ్బరు ముక్క
పట్టకారు: చిన్నవాటిని పట్టి లాగే పనిముట్టు
గోరంత: గోరు అంత, అంటే చాలా చిన్న
పంక్చరు పడింది: ట్యూబుకు చిల్లు పడింది
పంక్చరు వేశాడు: ఆ చిల్లు బాగుచేశాడు (ఈ రెండూ తారుమారైతే అర్థం పూర్తిగా మారిపోతుంది)

ప్రశ్నలు

1. చిల్లు ఎక్కడుందో రవి ఎలా కనుక్కున్నాడు?
2. మొదటి ప్యాచీ ఎందుకు లేచిపోయింది? రెండోసారి రవి ఏం మార్చాడు?
3. రెండో ప్యాచీ సరిగ్గానే అంటింది. దానికి కథలో ఆధారం ఏది? మరి గాలి ఎందుకు దిగిపోయింది?
4. తాతయ్య టైరు లోపల వేలు కాకుండా గుడ్డ ఎందుకు పెట్టి ఉంటారు?
5. వ్యతిరేకంలోకి మార్చండి: రవి ఆగాడు. బుడగలు వచ్చాయి. నేను ముల్లు తీశాను. వాళ్ళు చెప్పారు.
6. తాతయ్య వైపు నుంచి ఐదు వాక్యాలు రాయండి. “నేను పొలం నుంచి వస్తుంటే రవి కనిపించాడు” అని మొదలుపెట్టండి. కనీసం రెండు “లేదు”లు ఉండాలి.

5వ ప్రశ్న జవాబులు: ఆగలేదు, రాలేదు, తీయలేదు, చెప్పలేదు.