పరుగు లెక్కలు: వేగం, దూరం, కాలం (8వ తరగతి వర్క్‌షీట్, సాధనలతో)

సాధన మీద అట్టముక్క పెట్టి, ముందు నోటుబుక్కులో మీరే చేయండి. జవాబు వచ్చాకే అట్ట తీయాలి.

వేగం = దూరం ÷ కాలం. మిగతా రెండు సూత్రాలూ ఇందులోంచే వస్తాయి, వేరే బట్టీ పట్టక్కర్లేదు. మీ./సె.ను 3.6తో గుణిస్తే కి.మీ./గం. వస్తుంది. ఎందుకంటే గంటకు 3600 సెకన్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు.

1. మన గ్రౌండులో సున్నంతో గీసిన ట్రాక్ ఒక రౌండు 200 మీటర్లు. సల్మా 4 రౌండ్లు 3 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేసింది. ఆమె వేగం ఎంత?

సాధన: దూరం = 4 × 200 = 800 మీ. కాలం = 180 + 20 = 200 సె.
వేగం = 800 ÷ 200 = 4 మీ./సె., అంటే 14.4 కి.మీ./గం.

2. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,224 మీటర్లు అనుకుందాం. విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపుకు మనవడు పరుగున 6 నిమిషాల్లో చేరాడు. అతనితోపాటే బయల్దేరిన తాతయ్య సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిచాడు. మనవడి వేగం ఎంత? అవతలి గట్టున తాతయ్య కోసం ఎంతసేపు ఆగాలి?

సాధన: మనవడి వేగం = 1224 ÷ 360 = 3.4 మీ./సె. (12.24 కి.మీ./గం.)
తాతయ్యకు పట్టిన కాలం = 1224 ÷ 1.2 = 1020 సె. = 17 నిమిషాలు.
ఆగాల్సింది 17 − 6 = 11 నిమిషాలు.

3. బందరు కాలవ గట్టున సాయి పొద్దున్నే 6 కి.మీ. దూరం గంటకు 12 కి.మీ. వేగంతో పరిగెత్తాడు. తిరిగొచ్చేటప్పటికి ఎండెక్కింది, కాళ్లు పీకాయి. వచ్చేటప్పుడు వేగం గంటకు 8 కి.మీ. మొత్తం మీద సగటు వేగం ఎంత?

క్లాసులో సగం మంది (12 + 8) ÷ 2 = 10 అని రాసేస్తారు. తప్పు. సగటు వేగమంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం, వేగాల సగటు తీయడం కాదు.

సాధన: వెళ్లడానికి 6 ÷ 12 = 0.5 గం., అంటే 30 ని. రావడానికి 6 ÷ 8 = 0.75 గం., అంటే 45 ని.
మొత్తం దూరం 12 కి.మీ., మొత్తం కాలం 1.25 గం.
సగటు వేగం = 12 ÷ 1.25 = 9.6 కి.మీ./గం.

10 కన్నా ఎందుకు తగ్గింది? సాయి నెమ్మదిగా పరిగెత్తిన సమయమే ఎక్కువ కాబట్టి, సగటు అటువైపు మొగ్గింది.

4. అదే 9.6 కి.మీ./గం. సగటుతో సాయి పూర్తి మారథాన్, అంటే 42.195 కి.మీ., పరిగెత్తితే ఎంత సేపు పడుతుంది?

సాధన: 42.195 ÷ 9.6 = సుమారు 4.395 గంటలు.
దీన్ని 4 గంటల 39 నిమిషాలని చదివితే మార్కు పోయినట్టే. గంటకు 100 కాదు, 60 నిమిషాలు. 0.395 × 60 = 23.7. కాబట్టి దాదాపు 4 గంటల 24 నిమిషాలు.

5. మన 200 మీటర్ల ట్రాక్ మీద అక్క 5 మీ./సె., చెల్లి 3 మీ./సె. వేగంతో ఒకేచోట, ఒకేసారి మొదలుపెట్టారు. (అ) ఎదురెదురు దిశల్లో అయితే ఎప్పుడు కలుస్తారు? (ఆ) ఒకే దిశలో అయితే?

సాధన: (అ) ఇద్దరూ కలిసి సెకనుకు 8 మీటర్లు పూర్తిచేస్తారు. 200 ÷ 8 = 25 సె.
(ఆ) అక్క సెకనుకు 2 మీటర్లు మాత్రమే ముందుకు జరుగుతుంది. చెల్లిని మళ్లీ అందుకోవాలంటే ఒక రౌండు ఎక్కువ కొట్టాలి. 200 ÷ 2 = 100 సె.
సరిచూద్దాం: అక్క 500 మీ. (2.5 రౌండ్లు), చెల్లి 300 మీ. (1.5 రౌండ్లు). తేడా సరిగ్గా ఒక రౌండు. కలిసేది మొదలైన చోటికి నేరుగా అవతలి వైపున.

6. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. పక్కనే గంటకు 36 కి.మీ. వేగంతో సిటీ బస్సు అదే గీత దగ్గర నుంచి వెళ్తుంటే ఎవరు ముందు? (బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో అయితే లెక్కే అక్కర్లేదు.)

సాధన: బస్సు 36 ÷ 3.6 = 10 మీ./సె. 9.58 సెకన్లలో వెళ్లేది 95.8 మీ. బోల్ట్ 4.2 మీటర్ల తేడాతో గెలుస్తాడు.

7. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పి.టి. ఉష 55.42 సెకన్లలో నాలుగో స్థానంలో వచ్చింది. కాంస్యం గెలిచిన రన్నర్ సమయం 55.41. ఉష సగటు వేగంతో లెక్కిస్తే, పతకం ఎంత దూరంలో చేజారింది?

సాధన: సగటు వేగం = 400 ÷ 55.42 = సుమారు 7.22 మీ./సె.
కాలం తేడా = 55.42 − 55.41 = 0.01 సె.
దూరం = 7.22 × 0.01 = 0.0722 మీ., అంటే సుమారు 7.2 సెం.మీ.

గీత దగ్గర ఆమె అసలు వేగం సగటుకు సమానంగా ఉండకపోవచ్చు, కాబట్టి ఇది అంచనా మాత్రమే. జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి, జవాబు కింద 7.2 సెం.మీ. గీత గీయండి. దీనికి 1 మార్కు.