మూడు పాచికలు, ఆరు బొమ్మలు

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, లెక్కల మాస్టారికి, తోటి విద్యార్థులకు లెక్కల క్లబ్బు తరఫున నమస్కారం.

మన పర్లాకిమిడిలో రథయాత్ర నాళ్లలో గోనెపట్టా పరిచి, దాని మీద చేప, పువ్వు, గొడుగు, ఏనుగు, పడవ, సూర్యుడు అని ఆరు బొమ్మలు గీసి ఆడించే ఆట మీలో చాలామంది చూసే ఉంటారు. మనకు నచ్చిన బొమ్మ మీద పది రూపాయలు పెడతాం. అతను అవే ఆరు బొమ్మలున్న మూడు పాచికలను డబ్బాలో గిలకరించి బోర్లిస్తాడు. మన బొమ్మ ఒక పాచిక మీద పడితే మన పది మనకిచ్చి పైన పది, రెండింటి మీద పడితే ఇరవై, మూడింటి మీదా పడితే ముప్ఫై ఇస్తాడు. అసలు పడకపోతే పది పోయినట్టే.

ఆరు బొమ్మలకు మూడు పాచికలు కాబట్టి గెలుపు సగానికి సగమనీ, పైగా రెండింతలు, మూడింతలు వచ్చే వీలు కూడా ఉందనీ పోయినేడు నేనూ అనుకున్నాను. అనుకున్నందుకు అరవై రూపాయలు పోయాయి, ఆ సంగతి ఇంట్లో ఇంకా తెలియదు.

మూడు పాచికలు 6×6×6, అంటే 216 రకాలుగా పడవచ్చు. వాటిలో మన బొమ్మ అసలు కనిపించనివి 5×5×5, అంటే 125. ఒక్కసారే కనిపించేవి 75, రెండుసార్లు 15, మూడుసార్లు ఒక్కటి. కాబట్టి గెలిచేవి 108 కావు, 91 మాత్రమే. ప్రతి రకమూ సరిగ్గా ఒక్కొక్కసారి పడిందనుకుంటే మనకు వచ్చేది 750, 300, 30 కలిపి 1080 రూపాయలు, పోయేది 1250. నికరంగా పోయిన 170ని 216తో భాగిస్తే ఆటకు సుమారు 79 పైసల నష్టం వస్తుంది. ఒక్కొక్క ఫలితాన్ని అది జరిగే వీలుతో గుణించి కూడగా వచ్చే ఈ సగటునే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ అంటారు. ఏ ఒక్క ఆటలోనూ ఎవరి జేబులోంచీ 79 పైసలు పోవు. అది ఎన్నో ఆటల మీద తేలే సగటు.

ఇంతకీ ఆ డబ్బు ఎక్కడ జారిపోతోంది? ఆరుగురు ఆరు బొమ్మల మీద తలా పది పెట్టారనుకోండి. మూడు పాచికలూ వేరువేరుగా పడితే ఓడిన ముగ్గురి ముప్ఫై గెలిచిన ముగ్గురికి పోయి, ఆడించేవాడికి ఏమీ మిగలదు. జంట పడితే ఓడినవాళ్లు నలుగురు, నలభై వస్తుంది. జంటకు ఇరవై, రెండో బొమ్మకు పది ఇచ్చాక అతనికి పది మిగులుతుంది. మూడూ ఒకటే పడితే యాభై వసూలు చేసి ముప్ఫై ఇస్తాడు. జనం చప్పట్లు కొట్టేది జంటో, మూడూ ఒకటేనో పడినప్పుడే, అతని సంపాదనా అప్పుడే. ఇందులో దొంగ పాచికల అవసరమే లేదు. నాకు ముచ్చటగా తోచేది అదే.

బల్ల మీద మూడు పాచికలు, తలా ఇరవై చింతపిక్కలు పెట్టాం. వరుసలో రండి, ప్రతి ఆటకూ ఒక్క పిక్క, ఫలితం బోర్డు మీద గీత. 216 గీతలు పూర్తయ్యాక నష్టం సరిగ్గా 17 పిక్కలే వస్తుందని నేను మాటివ్వను, మొదటి పది ఆటల్లో మీరే గెలవవచ్చు కూడా.